నడక మానేసిన తొమ్మిదేళ్ల బాబు: చార్టులో లేని ఒక తేదీ

ఈ కేసు రాయడానికి బాబు తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవన్నీ ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేను ఆ బాబును చూసేసరికి మరుసటి రోజు ఉదయం ఎముక మూలుగ పరీక్ష ఖాయమైపోయింది. వయసు తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. ఏడు వారాలుగా కుంటుతున్నాడు, పది రోజులుగా అసలు కాలు కింద పెట్టడం లేదు. రెండు మోకాళ్లూ మడిచి, తొడలు పక్కలకు తెరిచి, కప్ప కాళ్లు పెట్టినట్టు పడుకుని ఉన్నాడు. ఎవరైనా మంచం దగ్గరికి వస్తే చాలు, ముట్టుకోకముందే ఏడుపు మొదలుపెడుతున్నాడు. హిమోగ్లోబిన్ 8.9. ఎమ్మారైలో రెండు మోకాళ్ల దగ్గరా ఎముక మూలుగలో సమానంగా మార్పులు కనిపించాయి. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ కావచ్చని రిపోర్టులో రాశారు. ఆ రిపోర్టు చదివిన తండ్రి రెండు రోజులుగా నిద్రపోలేదు.

మత్తు ఇచ్చే ముందు పిల్లల డాక్టర్ ఒకసారి చూడాలన్నారు కాబట్టి నన్ను పిలిచారు. కేస్ షీట్ మొదటి పేజీ నుంచి చదివాను. ఆహారం దగ్గర ఒక్క లైను ఉంది: "మామూలే, తినడానికి కాస్త మారాం చేస్తాడు." మూడు విభాగాల వాళ్లు ఆ లైనునే కాపీ చేసుకుంటూ వచ్చారు. పక్కనే బరువు 31 కిలోలు, వయసుకు తగ్గట్టే ఉంది. ఎదుగుదల చార్టులో గీత ఎక్కడా పడిపోలేదు. బరువు సరిగ్గా ఉందంటే తిండి సరిగ్గా ఉందనుకున్నాం. ఈ కేసులో అందరం చేసిన తప్పు అదే. బిస్కెట్లూ బ్రెడ్డూ ఇచ్చే కేలరీలతో బరువు నిలబడుతుంది. వాటిలో విటమిన్ సి మాత్రం ఉండదు.

తల్లి చెప్పిన ఆహారం

"ఏం తింటాడమ్మా?" అని అడిగితే చాలామంది తల్లులు "బాగానే తింటాడు" అంటారు. అది అబద్ధం కాదు. తినే నాలుగు రకాలూ నిజంగానే బాగా తింటాడు. అందుకే నేను ప్రశ్న మార్చి అడుగుతాను. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా నోట్లోకి వెళ్లింది ఏమిటి, ఎంత, ఎలా వండారు? ఆ తర్వాత రెండో ప్రశ్న: ఇంతకుముందు తిని ఇప్పుడు మానేసినవి ఏమిటి, ఎప్పుడు మానేశాడు? ఈ రెండో ప్రశ్నకే ఈ కేసులో జవాబు దొరికింది.

ఆమె చెప్పింది చెప్పినట్టే కేస్ షీట్‌లో రాశాను:

"ఒకే రకం బిస్కెట్లు రోజుకు 22 నుంచి 24. బ్రెడ్ 4 ముక్కలు, అంచులు తీసి. ఉప్పు తప్ప ఏమీ వేయని నూడుల్స్ ఒక గిన్నె. వెన్న తీసిన పాలు 300 మి.లీ., బాగా మరిగించి. పండు, కూరగాయ, గుడ్డు, మాంసం రెండేళ్లుగా ఏవీ లేవు. విటమిన్ చుక్కలు రెండుసార్లు రాసిచ్చారు, ఒక్కసారి కూడా మింగలేదు. నారింజ రుచి పానీయం రోజుకు ఒక సీసా తాగేవాడు. ఐదు నెలల క్రితం సీసా ఆకారం మారింది, ఆ రోజు నుంచి ముట్టలేదు."

చివరి వాక్యం ఆమె చాలా మామూలుగా చెప్పింది. పైగా "ఆ తీపి నీళ్లు మానేశాడు, ఒకందుకు మంచిదే అనుకున్నాం డాక్టర్ గారూ" అంది. ఖాళీ సీసా ఒకటి ఇంట్లో ఉంటే దాని లేబుల్ ఫోటో పంపమన్నాను. అందులో సీసాకు 40 మిల్లీగ్రాముల విటమిన్ సి కలిపినట్టు ఉంది. రెండేళ్లుగా ఆ బాబుకు విటమిన్ సి అందింది ఆ ఒక్క సీసా నుంచే. పాలలో మొదటే చాలా తక్కువ, మరిగిస్తే ఆ కాస్తా పోతుంది.

విటమిన్ సి మన శరీరం తయారు చేసుకోలేదు, ఎక్కువ కాలం దాచుకోనూ లేదు. పెద్దవాళ్ల ఒంట్లో నిల్వ సుమారు 1500 మిల్లీగ్రాములు. అది 300 దాకా పడిపోయినప్పుడు లక్షణాలు బయటపడతాయి. రోజుకు 10 మిల్లీగ్రాములు అందినా, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు రాదని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో షెఫీల్డ్‌లో వాలంటీర్ల మీద చేసిన పరిశోధనలో తేలింది. అంటే ఆ సీసా ఒక్కటే ఇతన్ని కాపాడుతూ వచ్చింది. అది ఆగిన మూడు నెలలకు చిరాకు పెరిగింది, ఆ తర్వాత కొద్ది రోజులకే కుంటడం మొదలైంది. లెక్క సరిపోయింది. నాకు స్కర్వీ అనుమానం వచ్చింది పరీక్ష చేసినప్పుడు కాదు, ఆ తేదీ విన్నప్పుడే.

చర్మం, చిగుళ్లు

ప్యాంటు పైకి మడవనివ్వలేదు. తల్లి చేత సాక్స్ తీయించి, అక్కడి నుంచి మెల్లగా పైకి చూశాను. పిక్కల మీద చిన్న చిన్న ఎర్రటి చుక్కలు ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు వచ్చే చుక్కల్లాగే ఉంటాయి, కేస్ షీట్‌లో కూడా అలాగే రాసి ఉంది. ప్లేట్‌లెట్లు చూస్తే 3,80,000, అంటే మామూలుగానే ఉన్నాయి. చెవి చూసే ఒటోస్కోప్‌కు ముందుండే గొట్టం తీసేస్తే వెలుగుతో పాటు మంచి భూతద్దం అవుతుంది. దాంతో చూస్తే ప్రతి చుక్కకూ నట్టనడుమ ఒక వెంట్రుక ఉంది. రక్తం వెంట్రుక కుదురు చుట్టూనే చేరింది. గాజు పలకతో నొక్కితే రంగు పోవడం లేదు. కుదుళ్ల దగ్గర చర్మం గట్టిపడి, వేలికి గరుకుగా తగులుతోంది. కొన్ని వెంట్రుకలు స్ప్రింగులా మెలితిరిగి ఉన్నాయి, కొన్ని కుదురులోనే చుట్టుకుపోయాయి. వెంట్రుకలోని ప్రోటీన్ బంధాలు సరిగ్గా పడకపోవడం వల్ల అలా మెలిపడుతుంది. నాకు తెలిసినంతలో ఇంత స్పష్టంగా స్కర్వీని చూపించే గుర్తు ఇంకొకటి లేదు. చూడటానికి పట్టేది అర నిమిషం.

నోరు తెరవమంటే తెరవడు. తల్లి ఫోన్‌లో వాడికి ఇష్టమైన అంకెల వీడియో పెట్టింది. బాబు కూడా దాంతో పాటు లెక్కపెడుతూ "ఐదు" అన్నప్పుడల్లా పెదవి పైకి లేస్తోంది. అలా మూడుసార్లు "ఐదు" వచ్చేసరికి ముందు పళ్లు చూడగలిగాను. పళ్ల మధ్య చిగురు ఊదారంగులో ఉబ్బి పంటి మీదికి ఎక్కింది. అంచున ఎండిన రక్తం ఉంది. నాలుగు వారాలుగా దిండు మీద రక్తపు మరకలు కనిపిస్తున్నాయని, పళ్లు తోమనివ్వడు కాబట్టి దానివల్లే అనుకున్నామని తల్లి చెప్పింది.

చిగుళ్లు బాగుంటే స్కర్వీ కాదని మాత్రం అనుకోవద్దు. 1939లో జాన్ క్రాండన్ అనే అమెరికన్ సర్జన్ తనంతట తానే విటమిన్ సి లేని తిండి తిన్నాడు. నాలుగున్నర నెలలకు వెంట్రుక కుదుళ్లు గట్టిపడ్డాయి, ఐదు నెలలు దాటాక చుక్కలు వచ్చాయి, ఆరో నెలలో చేసిన గాయం మానలేదు. చిగుళ్లలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. చిగుళ్ల వాపు ఎక్కువగా పళ్లు శుభ్రంగా లేనివాళ్లలోనే కనిపిస్తుంది, పళ్లే రాని పసిపిల్లల్లో రాదు. ముందు చర్మం చూడాలి అని నేను పట్టుబట్టేది అందుకే.

ఎడమ తొడ కింది భాగంలో అరచేయంత కమిలిన మచ్చ ఉంది. దెబ్బ తగిలిందా అంటే లేదన్నారు. మాట్లాడలేని బిడ్డ ఒంటి మీద కారణం చెప్పలేని కమిలిన మచ్చ ఉంటే, ఎవరైనా కొట్టారేమో అన్న కోణంలో కూడా చూడాల్సిందే. వార్డు వాళ్లు అప్పటికే ఆ పద్ధతి మొదలుపెట్టారు, అందులో తప్పు లేదు. కానీ ఆ తల్లిదండ్రులు అనుభవించిన టెన్షన్ చూశాక, ఇలాంటి చోట ఎలా రాయాలన్నది నాకు ముఖ్యమైన విషయమైంది. మచ్చ ఎక్కడుంది, ఎంత పొడవు, ఏ రంగు, ఏదైనా వస్తువు ఆకారం ఉందా లేదా, ఎముక ఉబ్బుగా ఉండే చోట ఉందా మెత్తటి చోట ఉందా అని రాశాను. తల్లిదండ్రుల మాటలను వాళ్ల మాటల్లోనే పెట్టాను. వాళ్ల అనుమతితో పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, తేదీ, సమయం వేశాను. "అనుమానాస్పదం", "నమ్మదగ్గది" లాంటి మాటలు రాయలేదు. స్కర్వీ తేలినంత మాత్రాన ఎవరైనా కొట్టారా అన్న ప్రశ్న మూసుకుపోదు కాబట్టి, దాన్ని చూసే బృందానికి నేను గమనించినది మాత్రమే అందించాను. చివరికి వాళ్లు కూడా కంగారు పడాల్సింది ఏమీ లేదని తేల్చారు.

అప్పటికే తీసిన ఎక్స్‌రే

మోకాళ్ల ఎక్స్‌రే మూడు వారాల క్రితమే తీశారు. "ఎముకలు కాస్త పలుచగా ఉన్నాయి" అని రిపోర్టు. రేడియాలజీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి, "స్కర్వీ అనుకుని ఒకసారి మళ్లీ చూస్తారా?" అని అడిగాను. ఆయన ఫిల్మును పెద్దది చేసి చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటీ చూపించారు. ఎముక పెరిగే అంచున తెల్లటి మందపు గీత, దాన్ని ఫ్రాంకెల్ గీత అంటారు. దాని కిందనే నల్లటి పట్టీ, ట్రుమ్మర్‌ఫెల్డ్ జోన్. ఎముక చివర ఉండే గుండ్రటి భాగానికి పెన్సిల్‌తో గీసినట్టు తెల్లటి అంచు, లోపల వెలవెలబోయిన రంగు. అది వింబర్గర్ వలయం.

దీనికి మూలం ఒక్కటే. విటమిన్ సి లేకపోతే ఎముకకూ రక్తనాళాలకూ బలాన్నిచ్చే కొలాజెన్ అనే ప్రోటీన్ గట్టిపడదు. ఎముక పెరిగే చోట సున్నం చేరుతూనే ఉంటుంది, దాన్ని ఎముకగా మలిచే పని ఆగిపోతుంది. అందుకే తెల్లటి గీత మందమవుతుంది, దాని కింద బలహీనమైన పట్టీ ఏర్పడుతుంది. రక్తనాళాల గోడలూ బలహీనపడి ఎముక పైపొర కింద రక్తం చేరుతుంది. ఆ నొప్పికే బిడ్డ కదలడు. ఎమ్మారైలో మాత్రం ఇదంతా మూలుగలో మార్పుగా కనిపించి ల్యుకేమియాను, ఎముక ఇన్ఫెక్షన్‌ను తలపిస్తుంది. ఎమ్మారై గొప్ప పరీక్షే, కానీ ఈ జబ్బులో మామూలు ఎక్స్‌రే చెప్పినంత స్పష్టంగా అది చెప్పదు.

రక్తం గడ్డకట్టే పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. రక్తకణాల్లో క్యాన్సర్ కణాలు లేవు. ఫెరిటిన్ 9, అంటే ఐరన్ లోపం కూడా ఉంది. రక్తం కారడం ఒక కారణం, విటమిన్ సి లేకపోతే ఆహారంలోని ఐరన్ ఒంటికి పట్టకపోవడం మరో కారణం. రక్త వ్యాధుల డాక్టర్‌తో మాట్లాడి మూలుగ పరీక్షను ఐదు రోజులు వాయిదా వేశాం. రద్దు చేయలేదు. ఈలోగా విటమిన్ సి ఇచ్చి చూద్దాం, నొప్పి తగ్గకపోతే పరీక్ష చేద్దాం అని ఇద్దరం కేస్ షీట్‌లో సంతకం పెట్టాం. వాయిదా ఎందుకు వేశామో, ఎప్పటిదాకా ఆగుతామో రాయకపోతే ఆ నిర్ణయం అజాగ్రత్తలా కనిపిస్తుంది.

రక్తం తీయడంలో జరిగిన పొరపాటు

విటమిన్ సి మోతాదు చూసేందుకు రక్తం తీయించాను. అరగంట తర్వాత చూస్తే ఆ ట్యూబు నర్సుల బల్ల మీద, ట్యూబ్‌లైటు కింద అలాగే ఉంది. ఎలా పంపాలో నేను చెప్పలేదు, తప్పు నాదే. విటమిన్ సి వెలుగులో, వేడిలో త్వరగా చెడిపోతుంది. అలాంటి నమూనాలో లేని లోపం ఉన్నట్టు వస్తుంది. కాబట్టి దాన్ని పక్కన పెట్టి మళ్లీ తీశాం. ఈసారి ట్యూబుకు రేకు చుట్టి, ఐసులో పెట్టి, వెంటనే ల్యాబ్‌కు నడిచి తీసుకెళ్లాం. వాళ్లు ప్లాస్మా వేరు చేసి, చెడిపోకుండా ఆమ్లం కలిపి గడ్డకట్టించారు.

దీనికి రివర్స్‌లో కూడా తప్పు జరుగుతుంది. ప్లాస్మాలో కనిపించేది ఇటీవల తిన్నదే. వార్డులో ఎవరైనా జాలిపడి రెండు రోజులు పండ్ల రసం ఇస్తే, ఒంట్లో నిల్వ ఖాళీగా ఉన్నా రిపోర్టు మామూలుగా రావచ్చు. అందుకే మొదటి డోసుకు ముందే రక్తం తీయాలి. ఏ సమయానికి తీశామో, డోసు ఏ సమయానికి ఇచ్చామో రెండూ రాయాలి. లీటరుకు 11 మైక్రోమోల్స్ కన్నా తక్కువైతే లోపం అంటారు. మాకు 3 కన్నా తక్కువ అని వచ్చింది. అది వచ్చింది పన్నెండు రోజుల తర్వాత, అప్పటికి బాబు నడుస్తున్నాడు. రిపోర్టు కోసం మందు ఆపి కూర్చోవడంలో అర్థం లేదు.

సి ఒక్కటే కాదు

తినే నాలుగు వస్తువుల్నీ కాగితం మీద పెట్టి, ఏది దేన్ని ఇస్తుందో చూసుకుంటే మిగతా లోపాలు చాలావరకు ముందే తెలుస్తాయి. ఆ బిస్కెట్లలో థయామిన్, నియాసిన్ కలిపారు, లేబుల్ మీద ఉంది. కాబట్టి వాటి లోపంతో వచ్చే బెరిబెరి, పెల్లాగ్రా అవకాశం తక్కువ. అయినా గుండె వేగం, కాళ్ల వాపు, కళ్ల కదలిక, మెడ చుట్టూ చేతుల మీద ఎండ తగిలే చోట్ల చర్మం చూసి, లేవని రాశాను. లేబుల్ మీద థయామిన్ లేకపోయి ఉంటే గ్లూకోజ్ ఎక్కించే ముందే థయామిన్ ఇచ్చేవాళ్లం. పాల వల్ల బి12 సరిపోయింది. విటమిన్ డి బాగా తక్కువగా ఉంది, అది ఊహించిందే.

నాకు ఆందోళన కలిగించింది విటమిన్ ఏ. వెన్న తీసిన పాలలో, విడిగా కలిపితే తప్ప అది ఉండదు. ఈ ప్యాకెట్ మీద కలిపినట్టు లేదు. వెంట్రుక కుదుళ్లు గరుకుగా మారడం విటమిన్ ఏ లోపంలోనూ వస్తుంది, విటమిన్ సి లోపంలోనూ వస్తుంది. అది చూసి రెండింటినీ విడదీయలేం. రేచీకటి ఉందా అని ఇలాంటి బిడ్డను అడిగి తెలుసుకోలేం. కాబట్టి తల్లిదండ్రులను ప్రవర్తన గురించి అడిగాను: "సాయంత్రం లైటు వేయకముందు వాడెలా ఉంటాడు?" తండ్రి వెంటనే అన్నాడు: "రెండు నెలలుగా చీకటిగా ఉన్న గుమ్మం దగ్గర ఆగిపోతున్నాడు డాక్టర్ గారూ. భయం అనుకున్నాం. నా చొక్కా పట్టుకుంటే గానీ దాటడు." కంటి డాక్టర్ చూస్తే తెల్లగుడ్డు పొడిబారి ఉంది. నురుగులాంటి బైటాట్ మచ్చలు లేవు, నల్లగుడ్డు బాగుంది. రెటినాల్ లీటరుకు 0.6 మైక్రోమోల్స్, 0.7 కన్నా తక్కువైతే లోపం. ఒంట్లో వాపు ఉన్నప్పుడు రెటినాల్ ఉత్తినే తక్కువగా రావచ్చు, ఇతనికి సీఆర్పీ 18 ఉంది. ఆ అంకె ఒక్కటే అయితే నమ్మేవాడిని కాదు. చీకటి గుమ్మం, పొడిబారిన కన్ను, వెన్న తీసిన పాలు మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి నమ్మాను.

ఈ లోపాన్ని వదిలేస్తే నల్లగుడ్డు మెత్తబడి చూపు పోవచ్చు. తిండి చాలా తక్కువ రకాలకు కుదించుకుపోయిన పిల్లల్లో చూపు నరం దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో వచ్చాయి. కాబట్టి వైద్యం ఆ రోజే మొదలైంది: 2 లక్షల యూనిట్లు, మర్నాడు మళ్లీ, రెండు వారాల తర్వాత మూడోసారి. విటమిన్ ఏ ఎక్కువైనా ప్రమాదమే. ఇంకెక్కడా ఇంకెవరూ ఇవ్వకుండా ఆ మూడు తేదీలనూ డిశ్చార్జ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాం.

మందు మింగించడం

విటమిన్ సి 100 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు. మొదటి మూడు రోజులు నరం ద్వారా ఇచ్చాం, ఎలాగూ సెలైన్ సూది ఉంది కాబట్టి. కండలోకి ఇంజెక్షన్లు వద్దన్నాను, ఈ పరిస్థితిలో కండలోనే రక్తం చేరుతుంది. ఇరవై నాలుగు గంటల తర్వాత రౌండ్‌కు వెళ్లేసరికి బాబు ఏడవకుండా నన్ను చూశాడు. మూడో రోజు మంచం పట్టుకుని నిలబడ్డాడు. మూలుగ పరీక్ష రద్దు చేశాం. తొమ్మిదో రోజు తండ్రి వేలు పట్టుకుని వరండా చివరిదాకా నడిచాడు.

ఇంటికి వెళ్లాక ఎలా అన్నదే కష్టం. బిస్కెట్లో పొడి కలిపి పెడదామని ఒకరు సలహా ఇచ్చారు, వద్దని గట్టిగా చెప్పాను. ఇలాంటి బిడ్డ ఒక్కసారి రుచి తేడా పసిగడితే ఆ బిస్కెట్ కూడా మానేస్తాడు, నాలుగు మూడవుతాయి. పాలలో కలిపితే పులిసి విరుగుతాయి. చివరికి పులుపు తక్కువగా ఉండే సోడియం ఆస్కార్బేట్ పొడిని కాసిన్ని నీళ్లలో కలిపి, సిరంజితో బుగ్గలోకి ఇవ్వడం నేర్పాం. మందు అన్న సంగతి దాచకుండా, ముందు సిరంజి బొమ్మ, తర్వాత అంకెల వీడియో బొమ్మ ఉన్న కార్డు చూపించి ఇచ్చాం. మూడో వారానికి వాడే నోరు తెరవడం మొదలుపెట్టాడు. నెల తర్వాత రోజుకు 100కు తగ్గించాం. ఐరన్, విటమిన్ డి ఒక్కొక్కటిగా, వారం తేడాతో చేర్చాం.

ఆరు వారాలకు తీసిన ఎక్స్‌రే గురించి తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచాను. తొడ ఎముక పైపొర కింద చేరిన రక్తం మానే క్రమంలో సున్నం పట్టి, ఎముక చుట్టూ తెల్లటి ఒరలా కనిపిస్తుంది. విషయం తెలియనివాళ్లకు అది గడ్డలాగా, మొదటికన్నా పెద్ద జబ్బులాగా ఉంటుంది. అచ్చం అలాగే వచ్చింది. అప్పటికి బాబు పరుగెడుతున్నాడు. ఫిల్ము కవర్ మీద "స్కర్వీ, ఆరు వారాల వైద్యం తర్వాత" అని రాసి ఇచ్చాను.

డిశ్చార్జ్ సమ్మరీలో రోగనిర్ధారణను జబ్బుల కోడ్‌తో సహా "స్కర్వీ, E54" అని, కింద "విటమిన్ ఏ లోపం, రేచీకటితో, E50.5" అని రాశాం. "పోషకాహార లోపం" అని మాత్రమే రాసి ఉంటే, 31 కిలోల బిడ్డను చూసిన తర్వాతి డాక్టర్ దాన్ని నమ్మేవారు కాదు. ఆహారం దగ్గర పాత లైను కొట్టేసి, తినే వస్తువుల జాబితా, ఒక్కోదాని పక్కన అది ఇచ్చే పోషకాలు, ఏది మానేస్తే ఏ లోపం రావచ్చు అన్నది రాశాం. తిండి అలవాట్లకు చికిత్స ఇచ్చే థెరపిస్టు దగ్గరికి పంపాం. మూడు నెలలకు బాబు ఐదో వస్తువు ఒప్పుకున్నాడు.

చివరిసారి వచ్చినప్పుడు తల్లి ఒక చిన్న నోట్‌బుక్ తెచ్చింది. ఒక్కో పేజీకి ఒక్కో వస్తువు, మొదలుపెట్టిన తేదీ, ప్యాకెట్ ముందు వెనకల ఫోటోలు అతికించి ఉన్నాయి. నారింజ పానీయం పేజీలో పాత సీసా ఫోటో, దాని కింద మానేసిన తేదీ.